అత్త నోట గ్లాషెన్కా

"ఒక మనిషికి ఒకటే పేరు. ఇది మా సంస్థ నియమం."

వార్సా నుంచి వచ్చిన ఉత్తరంలో ఎడిటరు ఇగ్నాత్సీ దోబెక్ రాసిన ముక్క అది. బ్రోంకా ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారి చదివాక దాన్ని ఉండచుట్టి టమాటా పాదులోకి విసిరింది. మళ్ళీ తనే వంగి తీసుకుంది. అందులో గడువు తేదీ ఉంది మరి.

అసలు పేరు బ్రోనిస్వావా కెంపా. ఆ పేరుతో పిలిచేది పింఛను ఆఫీసువాళ్ళూ ఈ ఎడిటరూ మాత్రమే. వూచ్ నగరంలో నేతమిల్లు మూతబడేదాకా ఇరవై ఆరేళ్ళు మగ్గాల మీద పనిచేసిన మనిషి. సమ్మెలో ముందు నడిచిన మనిషి. రష్యన్ ఎక్కడ నేర్చిందంటే బడిలోనే, అందరితోపాటు, బలవంతాన. మిగతావాళ్ళు పరీక్ష రాసి దులిపేసుకున్నారు. ఈమె దులిపేసుకోలేదు. మిల్లుకొచ్చిన రష్యా యంత్రాల పుస్తకాలన్నీ పోలిష్‌లోకి తిప్పి చదివి వినిపించింది. కాలేజీ గడప తొక్కలేదు. ఇప్పుడు అరవై రెండో ఏట, మొదటిసారి ఓ రష్యన్ నవలకి అనువాదం. నాలుగేళ్ళ పని. మొదటి పేజీలో తన పేరు పడే మొదటి పుస్తకం.

నవల కామా నది రేవులో పడవలు నడిపే ఓ కుటుంబం కథ. గ్లాఫిరా అనే పిల్ల ఆ ఇంటికి కోడలుగా వస్తుంది. మొగుడు గ్లాషా అంటాడు. అన్న ఫోమా గ్లాష్కా అంటాడు. ఎప్పుడో వచ్చి పోయే మేనత్త గ్లాషుర్కా అంటుంది. రొట్టెల బట్టీ ఆమె చేతికొచ్చాక పనివాళ్ళు తండ్రి పేరు కలిపి గ్లాఫిరా పెత్రోవ్నా అంటారు. అత్త మావ్రా మాత్రం నాలుగొందల పేజీలు గ్లాష్కా, గ్లాష్కా, గ్లాష్కా. చివర ఒక్కచోట, ఒక్కసారే, ముద్దుగా గ్లాషెన్కా.

ఆ ఒక్క పలుకు కోసమే ఈ పుస్తకం రాశారని బ్రోంకా నమ్మకం. అక్కడికొచ్చినప్పుడల్లా ఆమెకి ఏడుపొస్తుంది. మగ్గం మీద వేలు నలిగినప్పుడు కూడా ఏడవని మనిషికి.

ఎడిటరు ఏమంటాడంటే, పోయిన ఏడాది వేసిన రష్యన్ నవల చదివి పాఠకులు ఉత్తరాలు రాశారట, ఈ ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో మాకు లెక్క తేలలేదు అని. కాబట్టి గ్లాఫిరా అన్నది మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గ్లాఫిరాయే. శనివారంలోగా ఒప్పుకోకపోతే ఆఫీసులోనే పేర్లు సరిచేయిస్తారు. అనువాదకురాలికి అది ఇష్టం లేకపోతే తన పేరు తీయించుకోవచ్చు. మర్యాదగానే రాశాడు. మర్యాదగా పీక కోయడం చదువుకున్నవాళ్ళకి బాగా వచ్చు.

బ్రోంకా జవాబు నాలుగు వాక్యాలు. "ఒక్క పేరు ముట్టుకున్నా ఊరుకోను. రచయిత్రి ఎలా రాసిందో అలాగే ఉంటుంది. మీ పాఠకులకి అర్థం కాదంటున్నారు కదా, నా దగ్గర పాఠకులున్నారు. శుక్రవారం వచ్చి మీ చెవులతో వినండి."

వస్తాడని ఆమె అనుకోలేదు. వచ్చాడు.

* * *

నగరం అంచున మిల్లు కార్మికుల తోటలు. తలా ఒక చిన్న ముక్క, ఒక చెక్క గది, కంచె మీంచి కబుర్లు. జూలై నెల. ఎడిటరు ముప్పై అయిదేళ్ళవాడు, అంత ఎండలో కోటు వేసుకుని, తోలుసంచీ మోసుకుంటూ, ఆ కంచెల మధ్య దారి తప్పి, రెండు తోటల్లో రెండు రకాల పళ్ళు తినిపించుకుని వచ్చాడు.

"ఎడిటరుగారూ, ఇటు!" అని కేక పెట్టింది గెన్యా. బ్రోంకా పక్క మగ్గం మీద ఇరవయ్యేళ్ళు పనిచేసింది ఆమె. ఆ మగ్గాల మోతలో అరిచి అరిచి, మెల్లిగా మాట్లాడటం మర్చిపోయింది. "ఆ కోటు తీసెయ్యండి బాబూ, చూస్తుంటే మాకు చెమట పడుతోంది!"

జీతా మాట్లాడలేదు. ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయల గిన్నె ఆయన ముందుకు తోసింది. ఆమె ట్రాము నడిపిన మనిషి. ముప్పై ఏళ్ళు 'డ్రైవరుతో మాట్లాడరాదు' అనే పలక పక్కన కూర్చుని అదే అలవాటైపోయింది.

"వీళ్ళా మీ పాఠకులు, బ్రోనిస్వావా గారూ?" అన్నాడు ఎడిటరు.

"వీళ్ళే. గెన్యా లైబ్రరీలో నవలలన్నీ అవగొట్టి మళ్ళీ మొదటి బీరువా నుంచి మొదలుపెట్టింది. జీతా ఏడాదికి ఒకటే చదువుతుంది, కానీ మర్చిపోదు. మీ ఆఫీసులో ఇంతకంటే మంచివాళ్ళుంటే చెప్పండి."

ఆయన నవ్వి దోసకాయ కొరికాడు.

బ్రోంకా కళ్ళజోడు పెట్టుకుంది. చదవడం మొదలెట్టింది. కోడలు గడప దాటిన రోజు. అత్త మావ్రా పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా అంటుంది: "తలుపు వెయ్యి, గ్లాష్కా. వెచ్చదనం పోతోంది." తర్వాత వంటింటి ఘట్టం: "గ్లాష్కా, ఉప్పెక్కువైంది." ఆ తర్వాత చాకిరేవు: "గ్లాష్కా, ఇంకా ఉతకలేదూ?" ఒక్కో గ్లాష్కా దగ్గరా బ్రోంకాకి ఒళ్ళు మండుతోంది. అయిదో గ్లాష్కా దగ్గర ఆపి తలెత్తింది.

"ఊఁ, చెప్పండి. ఎలాంటి ముసల్ది ఈ మావ్రా?"

"బంగారం!" అంది గెన్యా.

"ఏమిటీ?"

"బంగారంలాంటి అత్త అంటున్నా. పిల్ల గడప తొక్కిందో లేదో గ్లాష్కా అనేసింది, మన బ్రోంకా, మన హాంకా అన్నట్టు. కాస్త గొణుగుతుందనుకో. గొణక్కపోతే అత్తేమిటి? నాకిలాంటి అత్త దొరికుంటే రోజూ కాళ్ళు పిసికేదాన్ని."

"జీతా, నువ్వు చెప్పు!"

జీతా ఆలోచించింది. "మనసున్న మనిషే," అంది.

బ్రోంకా కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుంది.

నాలుగేళ్ళు ఆ రష్యన్ మనుషుల మధ్యే కాపురం చేసి ఆమె చెవి రష్యన్ చెవి అయిపోయింది. ఆ రేవు ఊళ్ళో అత్త నోట గ్లాష్కా అంటే ఒసేయ్ అన్నట్టు. పనిమనిషిని అదిలించినట్టు. అదే గ్లాష్కా అన్న ఫోమా నోట వస్తే చిన్నప్పుడు జుట్టు పట్టి లాగిన ప్రేమ. ఎవరు పిలిచారన్నదాన్ని బట్టి ఉంటుంది. పోలండులో పేరు చివర ఆ 'కా' తోక తగిలించి పిలిస్తే చెలిమి. మహా అయితే మొరటు చెలిమి. మిల్లులో మూడొందలమంది తనని బ్రోంకా అనే అన్నారు, సమ్మె గెలిచి భుజాల మీద మోసినప్పుడు కూడా బ్రోంకాయే. ఈ సంగతి తనకి తెలియదా? తెలుసు. తెలిసీ, ఒక్క అక్షరం ముట్టుకోనని పంతం పట్టి, గయ్యాళి అత్తని నాలుగొందల పేజీలూ బంగారం చేసి కూర్చోబెట్టింది.

"ఇంకొకటి చదువుతా, ఉండండి," అంది బ్రోంకా, ఓడిపోతున్న మనిషి చివరి నాణెం పందెం కాసినట్టు. వరదొచ్చిన ఏడాది. కోడలు మూడ్రోజులు బట్టీ ముందే నిలబడి రేవు మొత్తానికీ రొట్టెలు కాల్చి పంపి ఇంటికొస్తుంది. ముసల్ది గుమ్మంలోనే ఉంటుంది. "కూర్చో, గ్లాషెన్కా. చేతులు చల్లబడిపోయాయి నీకు." అంతే, ఆ ఘట్టం.

"బావుంది," అంది గెన్యా చెర్రీపళ్ళ పానకం పోసుకుంటూ. "మంచిది కాబట్టి మంచిగా మాట్లాడింది. తర్వాతేమైంది?"

తర్వాత ఏమీ కాదు! జరగాల్సింది అక్కడే జరగాలి!

ఎడిటరు రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. గెలిచినవాడి నెమ్మది. "చూశారా బ్రోనిస్వావా గారూ? నేననేది ఇదే. ఈ ముద్దుపేర్ల తేడా మన పాఠకులకి అందదు. అందనప్పుడు అవెందుకు? అందరి నోటా గ్లాఫిరా అనేస్తే పోయేదేముంది?"

బ్రోంకా నోరు తెరిచింది. మాట రాలేదు. గెన్యా అది చూసింది. బ్రోంకాకి మాట రాకపోవడం ఆమె ఇరవయ్యేళ్ళలో చూడలేదు. తన మాటవల్ల ఏదో కొంప మునిగిందని అర్థమైంది. అంతే, ఎడిటరు వైపు తిరిగింది.

"ఎడిటరుగారూ, మీ అమ్మగారు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"

"మా అమ్మా? ఇగ్నాష్ అంటుంది."

"కోపం వస్తే?"

"ఇగ్నాత్సీ."

"ఇంకా కోపం వస్తే?"

"ఇగ్నాత్సీ దోబెక్, ఇటు రా అంటుంది," అన్నాడాయన, నవ్వు ఆపుకోలేక.

"మీ ఆవిడ?"

"అది చెప్పను."

"చెప్పకండి, చెవులు ఎర్రబడ్డాయిగా, చాలు! మరి ఆవిడ రేపు పొద్దున్నే లేచి, కాఫీ ఇస్తూ, ఇగ్నాత్సీ అందనుకోండి. ఏమనుకుంటారు?"

 "ఏం తప్పు చేశానా అని రోజంతా ఆలోచిస్తాను."

"మీకు భయపెట్టే పేరొకటి, ముద్దుపేరొకటి కావాలి. పుస్తకంలో మనుషులకి మాత్రం ఒకటే పేరు, రేషను కార్డు మీద రాసినట్టు!"

జీతా కూడా నవ్వింది. ఎడిటరు ఈసారి కోటు తీసి కుర్చీకి తగిలించాడు.

"సరే, గెన్యా గారూ. ఒప్పుకున్నా. పేర్లన్నీ ఒకటి చేస్తే కొంత పోతుంది. కానీ ఉంచితే ఏమొచ్చింది? మీరే కదా ఆ ముసలామెని బంగారం అన్నది! సోమవారం అచ్చుకి పంపాలి. అబద్ధం చెప్పే ఆరు పేర్లకంటే ఏమీ చెప్పని ఒక్క పేరు నయం కాదూ?"

  నిజానికి ఆయనన్నది సబబే. అదే బ్రోంకాకి మంట. ఇంతకాలం ఎడిటర్లంటే తప్పు మాట్లాడేవాళ్ళని ఆమెకి నిశ్చింతగా ఉండేది.

"నిజంగా అంత చెడ్డదా ఆ అత్త?" అని అడిగింది జీతా.

"మహా చెడ్డది. కోడలు కడుపుతో ఉండి నీళ్ళు మోస్తుంటే చూస్తూ కూర్చున్న మనిషి. పేరు పెట్టి పిలిచినప్పుడల్లా చెంప మీద కొట్టినట్టు ఉండాలి."

"అలాంటిది పేరెందుకు పెట్టి పిలుస్తుంది?" అంది జీతా.

అందరూ ఆమె వైపు చూశారు.

"మా అత్త పదకొండేళ్ళు నా పేరు ఎత్తలేదు," అంది జీతా. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. "నేను ఎదురుగానే ఉంటాను. ఆవిడ మా ఆయన్ని చూసి మాట్లాడుతుంది. 'తలుపు వెయ్యమను ఆవిడని.' ఆయన ఇంట్లో లేకపోతే కిటికీతో చెప్పేది. పిల్లితో చెప్పేది. 'ఉప్పెక్కువైందని ఎవరైనా ఆవిడకి చెబితే బాగుండు.' నేనేమో, అమ్మగారు కూర్చోండి, అమ్మగారు తినండి, పద్ధతిగా. ఆవిడేమో పిల్లితో."

"పిల్లితోనా! ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదేమే!" అని అరిచింది గెన్యా.

"నువ్వు అడగలేదు."

"పదకొండేళ్ళ తర్వాత?"

"తర్వాత ఆవిడకి కాలు విరిగింది. ఆసుపత్రి మంచం మీదుండి నర్సుకి నన్ను చూపించి, ఈమె మా జీతూన్యా అంది." జీతా దోసకాయ గిన్నెలోకి చూసింది. "బయటికెళ్ళి వరండాలో నిలబడ్డాను చాలాసేపు. ఎందుకో తెలీదు. చచ్చేంత కోపం వచ్చింది ముందు."

బ్రోంకా లేచింది. పళ్ళ పెట్టె ఒకటి బోర్లించి దాని ముందు కూలబడింది. చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది. కాగితాల కట్ట మొదటి నుంచి తిరగేసింది. మావ్రా నోట ఉన్న గ్లాష్కాని అడ్డంగా కొట్టేసింది. చెయ్యి ఒక్కసారి ఆగింది, ఆమె మీదే ఆమెకి కోపం వచ్చినట్టు. తర్వాత గట్టిగా కొట్టేసింది. పైన రాసింది.

"ఏం చేస్తున్నారు?" అని ఎడిటరు లేచాడు. "బ్రోనిస్వావా గారూ, మూలంలో పేరుంది! మీరే రాశారు నాకు, ఒక్క పేరు ముట్టుకున్నా ఊరుకోనని. ఆ ఉత్తరం నా సంచీలో ఉంది!"

"ఉంటే పొయ్యిలో పెట్టండి. తప్పు రాశాను."

ఈ రెండు మాటలు ఆమె నోట వినడానికి మిల్లు యాజమాన్యం ఇరవై ఆరేళ్ళు కాచుక్కూర్చుంది. దక్కలేదు.

"ఆ పేరు వాళ్ళ చెవిలో చెంపదెబ్బ," అంది బ్రోంకా పెన్సిలు ఆపకుండా. "మన చెవిలో కౌగిలింత. నేను అక్షరం కాపాడి దెబ్బ పోగొట్టాను. ఇప్పుడు దెబ్బ కాపాడతాను. అన్న నోట గ్లాష్కా అలాగే ఉంటుంది, మనక్కూడా అది చెలిమే కనక. మొగుడికి గ్లాషా. పనివాళ్ళకి తండ్రి పేరుతో సహా, మర్యాద. ముసల్దానికి మాత్రం పేరే లేదు. చివరిదాకా లేదు."

"రచయిత్రి ఒప్పుకోవాలి కదా!"

"ఇవాళే ఉత్తరం రాస్తాను. ఇది ఎందుకు చేశానో దాచకుండా రాస్తాను. ఆవిడ వద్దంటే మానేస్తాను, నా పేరు కూడా తీసేయండి. కానీ ముందు వినండి. కూర్చోండి."

ఎడిటరు కూర్చున్నాడు.

బ్రోంకా చదివింది. కోడలు గడప దాటింది. మావ్రా పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా కొడుకుతో అంది: "తలుపు వెయ్యమను ఆవిడని. వెచ్చదనం పోతోంది."

"అబ్బా," అంది గెన్యా.

వంటిల్లు. మావ్రా చెంచా కింద పెట్టి, కిటికీ వైపు చూసి: "ఉప్పెక్కువైందని ఎవరైనా ఆవిడకి చెప్పండి."

"దీని మొహం మండ!" గెన్యా లేచి నిలబడింది. "కోడలు ఊరుకుందా? ఆ కుండెత్తి నెత్తిన బోర్లించొద్దూ! ఒసే బ్రోంకా, ఊరుకుందా?"

"కూర్చోవే. చాకిరేవు ఉంది ఇంకా."

చాకిరేవు అయ్యేసరికి పక్క తోట మనిషి నీళ్ళు పోయడం ఆపి కంచె మీద మోచేతులు ఆనించాడు. నడుమ అన్న ఫోమా పడవ దిగి వచ్చి, ఏమే గ్లాష్కా, చిక్కిపోయావేంటే అన్నాడు. అది మార్చలేదు, రచయిత్రి రాసినట్టే. ఇందాక ఎవరూ పట్టించుకోని ఆ ఒక్క పలుకు విని జీతా నిట్టూర్చింది. ఆ ఇంట్లో పిల్ల పేరు తెలిసినవాడు ఒకడు వచ్చాడన్నట్టు.

తర్వాత వరద. మూడ్రోజుల బట్టీ. కోడలు తడిసిన బూట్లతో గుమ్మంలోకి వచ్చింది. ముసల్ది లేచి నిలబడింది. కొడుకు అక్కడే ఉన్నాడు. కొడుకు వైపు చూడలేదు. కిటికీ వైపు చూడలేదు.

"కూర్చో, గ్లాషెన్కా," అని చదివింది బ్రోంకా. "చేతులు చల్లబడిపోయాయి నీకు."

 గెన్యా పెదవులు బిగబట్టింది. జీతా పళ్ళెం మీద ముసురుతున్న కందిరీగని తోలింది, అది ఎప్పుడో వెళ్ళిపోయినా తోలుతూనే ఉంది. ఎడిటరు రుమాలు తీసి తన కళ్ళజోడు తుడిచాడు, అది శుభ్రంగానే ఉంది.

"ఎన్నిచోట్ల మార్చాలి?" అని అడిగాడు చివరికి.

"నూట అరవై మూడు."

"అచ్చు మూడు వారాలు వెనక్కి జరుపుతాను. మా డైరెక్టరు చేత తిట్లు నేను తింటాను. రచయిత్రి జవాబు రావాలి, అది మాత్రం తప్పదు. ఇంకొకటి. మొదట్లో ఒక పేజీ వెయ్యాలి, ఎవరెవరు గ్లాఫిరాని ఏమేమని పిలుస్తారో."

"పేజీ వేసుకోండి. మావ్రా పేరు ఎదురుగా ఖాళీ వదలండి."

"ఖాళీయా? అచ్చుతప్పు అనుకుంటారు."

"అనుకోనివ్వండి. నాలుగొందల పేజీలు చదివాక తెలుస్తుంది."

ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రాస్తూ, తల ఎత్తకుండానే, "మొదటి పేజీలో మీ పేరు ఎలా వెయ్యాలి? బ్రోనిస్వావా అనేనా?" అన్నాడు.

"పుస్తకం మీద బ్రోనిస్వావా కెంపా. ఈ తోటలో ఎవరైనా అలా పిలిస్తే కంచె అవతల పడతారు."

"అయితే, బ్రోన్యా గారూ," అన్నాడు ఎడిటరు, కాస్త భయంగా, వేడి గిన్నె ముట్టుకున్నట్టు, "ఆ దోసకాయలు ఇంకో రెండు."

"ఇదిగో ఇగ్నాషు గారికి దోసకాయలు!" అని అరిచింది గెన్యా. అరిచి, గిన్నె మధ్యలోనే పట్టుకుని ఆగిపోయింది. "ఒకటి చెప్పండి ముందు. అంత చేసిన ముసల్దాన్ని, ఒక్క గ్లాషెన్కా అన్నందుకు, కోడలు క్షమించేస్తుందా? నేనైతే ఛస్తే క్షమించను."

"క్షమిస్తుంది," అంది జీతా.

"ఎందుకు క్షమించాలే? పదకొండేళ్ళు పిల్లితో మాట్లాడితే?"

"కూర్చోమంది కదా."

"కూర్చోమంటే సరిపోయిందా!"

"నా ఉద్దేశంలో," అని మొదలుపెట్టాడు కంచె మీది మనిషి.

"నిన్నెవరడిగారు?" అన్నారు ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే. ఎడిటరు నోట్లో దోసకాయతో, కోడలు క్షమించకూడదనే పక్షాన చెయ్యెత్తాడు.